క్లయింట్ చెప్పిన నిజం వకీలు కడుపులోనే ఉండాలా, కోర్టుకి చెప్పాలా?

"మేడమ్ నమస్తే. నేను నాలుగేళ్లుగా సివిల్ సైడ్ ప్రాక్టీస్ చేస్తున్నాను. ఒక ప్రోనోటు దావాలో ప్రతివాది తరఫున ఉన్నాను. అసలు నాలుగు లక్షలు, రెండు రూపాయల వడ్డీ. అప్పు మొత్తం తీర్చేశానని మా క్లయింట్ ఒక రసీదు తెచ్చిస్తే రిటన్ స్టేట్‌మెంట్, అదే డబ్ల్యూఎస్ తోపాటు ఫైల్ చేశాను. వాది చీఫ్ అఫిడవిట్ అయిపోయింది, వచ్చే వాయిదాకి క్రాస్ ఎగ్జామినేషన్. మొన్న ఆదివారం ఆఫీసుకొచ్చి, ఆ రసీదు మా బావమరిది రాసి సంతకం పెట్టాడమ్మా, చేతిరాత ఎక్స్‌పర్ట్‌కి పంపిస్తే దొరికిపోతామా అని అడిగాడు. కొంత డబ్బు నిజంగానే ఫోన్‌పేలో కట్టాడట, రసీదు మాత్రం దొంగది. మా సీనియర్ 'విననట్టు ఉండి కేసు నడుపు' అంటున్నారు. బ్యాచ్‌మేట్ 'జడ్జిగారికి చెప్పెయ్, లేకపోతే నీ మీదికొస్తుంది' అంటున్నాడు. నిద్ర పట్టట్లేదు. ఏం చేయాలి?"

అమ్మా, ముందుగా ఒక మాట, మీ ఉత్తరంలో ఊరి పేరు, కోర్టు పేరు, వాది చేసే వ్యాపారం ఉన్నాయి, అవన్నీ తీసేసి వేస్తున్నాం. ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడే మొదలవుతుంది, నాకు కూడా మీరు అంత చెప్పకూడదు. ఇకమీదట ఇలాంటిది అడగాల్సి వస్తే నోటు, రసీదు, వాయిదా దశ ఇంతవరకే చెప్పి అడగండి, వకీళ్ల వాట్సాప్ గ్రూపులో అయితే అసలు పెట్టొద్దు.

ఇక విషయం. మీ సీనియర్ గారి సలహా తప్పు, మీ బ్యాచ్‌మేట్ సలహా కూడా తప్పే. విననట్టు ఉండటం కుదరదు, విన్నారు కాబట్టి. జడ్జిగారికి చెప్పడమూ కుదరదు, ఆ మాట మీది కాదు కాబట్టి. మీరు చేయాల్సింది ఈ రెండింటికీ మధ్యలో ఉంది, అది కాస్త ఇరుకు దారే కానీ దారైతే ఉంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 126 అని మనం చదువుకున్నది 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 132 అయింది. అందులో ఒక మాట మీద వేలు పెట్టి చదవండి. వకీలుని చెప్పమని "బలవంతం చేయకూడదు" అని లేదు, చెప్పడానికి "అనుమతించకూడదు" అని ఉంది, క్లయింట్ స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప. అంటే మీకు మీరుగా మనసు కరిగి చెప్దామనుకున్నా ఆ హక్కు మీకు లేదు. ఆ రక్షణ మీ కోసం పెట్టింది కాదు, క్లయింట్‌ది, మీరు కాపలాదారు మాత్రమే. కేసు వదిలేసినా, ఫీజు ఎగ్గొట్టినా, పదేళ్లు గడిచినా ఆ కాపలా అలాగే ఉంటుంది. మీ గుమాస్తాకి కూడా ఇదే వర్తిస్తుంది, ఆదివారం అతను పక్కనే ఉండి విన్నాడేమో చూసుకుని, విన్నాడంటే ఇవాళే కూర్చోబెట్టి గట్టిగా చెప్పండి, కోర్టు కారిడార్లో సగం రహస్యాలు టీ గ్లాసుల దగ్గరే బయటికొస్తాయి.

అదే సెక్షన్లో మినహాయింపులు ఉన్నాయి, మీ బ్యాచ్‌మేట్ వాటిని మనసులో పెట్టుకునే మాట్లాడి ఉంటాడు. చట్ట వ్యతిరేకమైన పని ముందుకు నడపడానికి చెప్పిన మాటకి రక్షణ లేదు. మీరు కేసు తీసుకున్న తర్వాత జరిగిన నేరాన్నో మోసాన్నో మీ కళ్లతో చూస్తే దానికీ లేదు. చట్టంలోనే ఉదాహరణలిచ్చారు, చాలా చక్కగా ఉంటాయి. "నేను ఫోర్జరీ చేశాను, నన్ను డిఫెండ్ చెయ్యండి" అంటే ఆ మాటకి రక్షణ ఉంది, ఎందుకంటే తప్పు చేసినవాడి తరఫున వాదించడం నేరం కాదు. "ఈ దొంగ దస్తావేజు పెట్టి ఆస్తి లాక్కోవాలి, దావా వెయ్యండి" అంటే రక్షణ లేదు. మూడోది, డబ్బు కాజేశాడన్న కేసులో వకీలు పని మొదలుపెట్టాక ఖాతా పుస్తకంలో అంతకుముందు లేని కొత్త పద్దు కనిపిస్తే, ఆ చూసిన విషయానికి రక్షణ లేదు.

మరి మీ క్లయింట్ ఆదివారం అన్న మాట ఏ గట్టున పడుతుంది? నా ఉద్దేశం చెప్తాను. "దొరికిపోతామా" అని అడిగినప్పుడు అతను చేసేసిన పని గురించి చెప్పి పర్యవసానం ఏమిటని అడుగుతున్నాడు, అది సలహా అడగడం, మొదటి ఉదాహరణకి దగ్గర, రక్షణ ఉందనే నేను చూస్తాను. రేపు మీరు వద్దని చెప్పాక కూడా "ఏం కాదులేమ్మా, అదే సాక్ష్యంగా మార్క్ చేయించండి" అంటే మాత్రం ఆ క్షణం నుంచి రెండో ఉదాహరణలోకి జారిపోతాడు. అలాగే ఇప్పుడు ఆ రసీదు బాగోలేదని ఇంకోటి తయారు చేసి తెస్తే, అది మీ కళ్ల ముందు జరిగిన మూడో రకం. ఇక మొదట్లో రసీదు చేతికిచ్చి ఫైల్ చెయ్యమన్నాడే, అప్పుడు మీకు తెలియకపోయినా అతని ఉద్దేశం మోసమే, ఆ మాటకి రక్షణ నిలబడటం కష్టం.

కానీ ఇక్కడే చాలామంది పొరబడతారు. మినహాయింపు ఉంది అంటే మీరు లేచి వెళ్లి చెప్పాలి అని కాదు. మినహాయింపు చెప్పేది ఒక్కటే, రేపు ఎవరైనా చట్టప్రకారం మిమ్మల్ని అడిగితే ఈ సెక్షన్ అడ్డు పెట్టుకోలేరు అని. అడగకుండానే చెప్పమని ఏ సెక్షనూ అనలేదు. ఫలానా నేరాలు తెలిస్తే ఎవరైనా సరే పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పాలి అని ఒక లిస్టు ఉంది కదా, మామూలు రసీదు ఫోర్జరీ ఆ లిస్టులో లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్ కూడా ఒకవైపు క్లయింట్ రహస్యం బయటపెట్టొద్దంటాయి, ఇంకోవైపు కోర్టు పట్ల మీ బాధ్యత ఏమిటో చెప్తాయి, క్లయింట్ అడ్డదారి తొక్కకుండా శాయశక్తులా ఆపాలి, వినకపోతే అతని తరఫున నిలబడటానికి ఒప్పుకోకూడదు. ఆపు, వినకపోతే తప్పుకో, అంతవరకే, బయటపెట్టమని లేదు. అమెరికా బార్ అసోసియేషన్ నమూనా రూల్స్‌లో మాత్రం వేరేగా ఉంది, తాను పెట్టిన సాక్ష్యం అబద్ధమని తర్వాత తెలిస్తే దాన్ని సరిదిద్దాలి, తప్పనిసరైతే కోర్టుకి చెప్పి అయినా సరే. మీ బ్యాచ్‌మేట్ ఏదైనా అమెరికా కోర్టు సిరీస్ చూసి చెప్పాడేమో తెలియదు కానీ మన దగ్గర అది లేదు.

అయితే "నీ మీదికొస్తుంది" అన్నది ఒట్టి బెదిరింపు కాదమ్మా. అబద్ధపు సాక్ష్యమని తెలిసి దాన్ని నిజమైనదిగా కోర్టులో వాడితే అది భారతీయ న్యాయ సంహితలో నేరం, వకీలుకి మినహాయింపేం లేదు. ఫైల్ చేసిన రోజు మీకు తెలియదు, సరే. వెరిఫికేషన్‌లో సంతకం అతనిది. కానీ వచ్చే వాయిదాకి మీరు లేచి రసీదు వాది చేతికిచ్చి "ఈ సంతకం మీదే కదా, మీరే రాసిచ్చారు కదా" అన్న రోజున మీకు తెలుసు. ఆ సజెషన్ మీ నోట వచ్చిన అబద్ధం. మీ సీనియర్ గారు నడపమంటున్నది సరిగ్గా అదే, అందుకే కుదరదంటున్నాను.

కాబట్టి వాయిదా లోపు చేయాల్సింది ఇది. క్లయింట్‌ని పిలవండి, ఒక్కడినే, బావమరిదిని బయట కూర్చోబెట్టండి. మూడో మనిషి ఎదురుగా మాట్లాడితే అది రహస్యంగా జరిగిన మాట కాదని రేపు ఎవరైనా వాదించే అవకాశం ఉంటుంది, పైగా ఆ బావమరిదికి ఫోర్జరీలో సొంత భయం ఉంది, అతని లాభం మీ క్లయింట్ లాభం ఒకటి కాదు. తిట్టొద్దు. మన ఊళ్లల్లో ఇది ఎలా జరుగుతుందో మీకూ తెలుసు, డబ్బు నిజంగానే కడతారు, అవతలివాడు "రసీదు దేనికిరా, మన మధ్య" అంటాడు, నోటు వెనక జమ రాయడు, తర్వాత మొత్తానికీ దావా వేస్తాడు, అప్పుడు కోపంతో వీళ్లొక రసీదు పుట్టిస్తారు. కట్టిన నిజాన్ని నిరూపించడానికైనా దొంగ రసీదు దొంగదే, కానీ ఆ మనిషి పుట్టు మోసగాడు కాకపోవచ్చు, అందుకే అతనితో లెక్క వేసి మాట్లాడితే వింటాడు.

లెక్క ఎలా అంటే, దావా వేసే నాటికి 30 నెలలు అయిందనుకుందాం. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 8,000, మొత్తం 2,40,000, అసలుతో కలిపి 6,40,000. ఫోన్‌పేలో కట్టింది 1,80,000 ఉందనుకోండి, బ్యాంక్ స్టేట్‌మెంట్ చాలు దానికి. అది పోను 4,60,000. వాది 12 శాతానికి దిగొస్తే వడ్డీ సగమవుతుంది, అప్పుడు 3,40,000. అంటే నిజం చెప్పి కూర్చుంటే ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో తేలిపోయే వ్యవహారం. అదే రసీదు పట్టుకుని వెళ్తే ఏమవుతుంది? అప్పు తీర్చానని ప్లీడ్ చేశాక నోటు రాసిచ్చినట్టు ఒప్పుకున్నట్టే, తీర్చినట్టు నిరూపించే భారం అంతా మీ మీదే. వాది సంతకం నాది కాదంటాడు, ఎక్స్‌పర్ట్‌కి పంపమని పిటిషన్ వేస్తాడు, దావాకి ముందు నాటి తన సంతకాలు బ్యాంకు నుంచి తెప్పిస్తాడు. వేరేవాడు పెట్టిన సంతకంలో గీత వణుకుతుంది, ఆగకూడని చోట కలం ఆగుతుంది. అది తేలిందంటే నిజంగా కట్టిన 1,80,000 కూడా ఎవరూ నమ్మరు, ఆ పైన కోర్టు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 379 కింద, అంటే మన పాత సీఆర్‌పీసీ 340 కింద, విచారణ జరిపి ఫిర్యాదు పంపిస్తే అతనూ బావమరిదీ ఇద్దరూ క్రిమినల్ కేసులో ఉంటారు. ఇది బెదిరింపులా కాకుండా కాగితం మీద రాసి చూపించండి.

అతను ఒప్పుకుంటే రసీదు ఒక్కటీ మార్క్ చేయకుండా వదిలేస్తే సరిపోతుందనుకోవద్దు, ఇక్కడే పని సగంలో ఆగిపోతుంది. డబ్ల్యూఎస్‌లో ఆ పేరా అలాగే ఉంటుంది, అతను బోనెక్కగానే అవతలి వకీలు "మీరు ఫైల్ చేసిన రసీదు సంగతేంటి" అని అడుగుతారు, అప్పుడు అబద్ధం చెప్తే మళ్లీ మొదటికొచ్చాం. ఆ పేరాని, ఆ డాక్యుమెంట్‌ని నాట్ ప్రెస్, అంటే వాటి మీద ఇక పట్టుబట్టడం లేదు అని మెమో వేయండి, కింద క్లయింట్ సంతకం తీసుకోండి. క్లయింట్ చెప్పకుండా అతని వాదన వదిలేసే అధికారం వకీలుకి లేదని సుప్రీంకోర్టు 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ సొసైటీ కేసులో చెప్పింది, రేపు మీ క్లయింటే "మా వకీలు నా రసీదు వదిలేసింది" అని ఫిర్యాదు చేయకుండా ఆ సంతకమే మిమ్మల్ని కాపాడుతుంది. అమెండ్‌మెంట్ కూడా అడగొచ్చు కానీ చీఫ్ అఫిడవిట్ పడిందంటే ట్రయల్ మొదలైనట్టే, ఇంత ఆలస్యం ఎందుకని కోర్టు కారణం అడుగుతుంది, నిజమైన కారణం మీరు చెప్పలేరు, అబద్ధపు కారణం రాయలేరు, అందుకే మెమో మేలంటున్నాను. మొత్తం కట్టాను అన్న వాదనలో కొంత కట్టాను అన్నది ఇమిడే ఉంటుంది కాబట్టి 1,80,000 సంగతి అతని చీఫ్‌లో నిజాయితీగా చెప్పించుకోవచ్చు, వడ్డీ మీద వాదించొచ్చు, వాది క్రాస్‌లో ఫోన్‌పే ఎంట్రీలు ఒక్కొక్కటీ పెట్టి ఒప్పించొచ్చు. అది దమ్మున్న డిఫెన్సే. ఇంకా మంచిదేంటంటే లోక్ అదాలత్‌లో రాజీ, వాదికి కోర్టు ఫీజు వాపసు వస్తుంది కాబట్టి అతనికీ ఆశ ఉంటుంది, రసీదు గురించి ఎవరూ ఎవరినీ అడగాల్సిన అవసరం పడదు.

ఒప్పుకోకపోతే తప్పుకోవాలి. వకాల్తా మనంతట మనం ఆపేస్తే పోదు, కోర్టు అనుమతి కావాలి, ముందుగా క్లయింట్‌కి స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, కొత్త వకీలుని పెట్టుకోవడానికి సరిపడా టైమ్ ఇచ్చి, ఆ పోస్టు రసీదుతో మెమో వేయాలి. క్రాస్ రేపు పెట్టుకుని ఇవాళ సాయంత్రం నోటీసిస్తే అది కూడా తప్పే, అందుకే ఈ వారమే కదలండి. చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగిచ్చేయాలి, కేసు కట్ట మొత్తం అప్పగించాలి, మీకు బాకీ ఉన్నా సరే కట్ట పట్టి ఉంచుకోకూడదని 2000 సంవత్సరంలో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

మెమోలో ఏం రాస్తారన్నది ప్రాణం లాంటిది. "వృత్తిపరమైన కారణాల వల్ల కొనసాగలేకపోతున్నాను" అంతే, ఇంకొక్క అక్షరం వద్దు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు మా ఆఫీసు పక్కనే ఒకాయన ఉండేవారు, మంచి మనిషే, ఇలాంటి కేసులోనే కోపంతో మెమోలో "క్లయింట్ సరైన డాక్యుమెంట్లు ఇవ్వడం లేదు, నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు" అని రాసేశారు. అవతలి వకీలు ఆ మెమో కాపీ తీసుకుని మర్నాడే ఎక్స్‌పర్ట్ పిటిషన్ వేశాడు. ఆయన పేరు పెట్టి ఏమీ చెప్పలేదు, కానీ చెప్పాల్సిందంతా చెప్పేశారు. క్లయింట్ బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేశాడు, ఆయన దాని చుట్టూ చాలాకాలం తిరిగారు. కోర్టు నుంచి వచ్చేటప్పుడు తలుపు చప్పుడు చేసినా అది ఒక మాట చెప్పినట్టే అవుతుంది.

జడ్జిగారు నేరుగా అడిగితే? "అమ్మా, ఆ రసీదు సంగతేమైనా ఉందా" అంటారనుకోండి, అడుగుతారు కూడా. అబద్ధం చెప్పకూడదు, నిజం చెప్పకూడదు. "క్లయింట్‌తో జరిగిన మాటల గురించి నేనేమీ చెప్పలేను సర్, మన్నించండి" అని ఆగిపోండి. "అలాంటిదేం లేదు సర్" అనే మాట అలవాటుగా నోటికొచ్చేస్తుంది, అదొక్కటీ రానివ్వొద్దు, కోర్టుకి అబద్ధం చెప్పడం అంటే అదే.

పోలీసులైతే ఇంకో సంగతి. వాది ఊరుకోకుండా స్టేషన్‌లో ఫోర్జరీ కేసు పెట్టాడనుకోండి, ఎస్‌ఐ గారు ఫోన్ చేసి "మేడమ్, ఒకసారి వచ్చి స్టేట్‌మెంట్ ఇవ్వండి" అంటారు. వెళ్లకండి. 2025లో ఈడీ ఇద్దరు సీనియర్ అడ్వొకేట్లకి సమన్లు ఇచ్చి గొడవయ్యాక సుప్రీంకోర్టు తనంతట తాను విషయం తీసుకుని అక్టోబర్ 31న తీర్పిచ్చింది. క్లయింట్ కేసు వివరాల కోసం వకీలుకి సమన్లు ఇవ్వకూడదు, 132 మినహాయింపుల కిందికి వస్తుందనుకుంటే ఏ వాస్తవాల మీద అలా అనుకుంటున్నారో సమన్లలోనే రాయాలి, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి లిఖితంగా తృప్తి చెందాలి, దాన్ని హైకోర్టులో సవాలు చేసుకోవచ్చు. మీ ఫోను, ల్యాప్‌టాప్ కావాలన్నా కోర్టు ముందే పెట్టించాలి. అయితే అదే తీర్పులో ఒక హద్దు కూడా ఉంది, మీ దగ్గరున్న డాక్యుమెంట్లకి 132 రక్షణ రాదు, కోర్టు ఆదేశిస్తే కోర్టు ముందు హాజరుపరచాల్సిందే. మాట వేరు, కాగితం వేరు. మీ కేసులో అసలు రసీదు ఎలాగూ కోర్టు రికార్డులోనే ఉంది, దాన్ని దాచే ప్రశ్నే లేదు.

ఇంకొకటి మిమ్మల్ని బాధపెట్టేది నాకు తెలుసు. మీరు తప్పుకుంటారు, అతను ఇంకో వకీలు దగ్గరికి వెళ్లి ఈసారి నోరు విప్పకుండా అదే రసీదు మార్క్ చేయించుకుంటాడు, మీరు అదే కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చుని చూస్తూ ఉండాలి. నాకూ ఒకసారి అలా జరిగింది, ఆ రోజు అన్నం సయించలేదు. కానీ ఆలోచించండి, వకీలు బయటపెడుతుందని ముందే తెలిస్తే ఆదివారం అతను మీకు చెప్పేవాడే కాదు. చెప్పాడు కాబట్టే ఆపే అవకాశం మీకు దొరికింది, చెప్పకపోతే మీకు తెలియకుండా మీ చేత్తోనే ఆ రసీదు మార్క్ అయిపోయేది. ఇక వాదికి దిక్కులేదా అంటే, అతనికి వకీలున్నారు, క్రాస్ ఉంది, ఎక్స్‌పర్ట్ ఉన్నాడు, సంతకాలు స్వయంగా పోల్చి చూసే అధికారం జడ్జిగారికి ఉంది. అబద్ధాన్ని పట్టుకునే పని వాళ్లది, దానికి చెయ్యందించకుండా ఉండే పని మీది.

ఆ కొత్త వకీలు గారు కట్ట తీసుకునేటప్పుడు తప్పకుండా అడుగుతారు, "ఇంత దూరం వచ్చాక ఎందుకు వదిలేశావమ్మా" అని. ఆయన మీకు గురువు లాంటివారైనా సరే, "మీ క్లయింట్‌నే అడగండి సర్" అనండి, కట్ట ముట్టినట్టు సంతకం తీసుకోండి, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి.